నవ్విస్తే ముచ్చట... ఓదార్చాల్సొస్తే భారం

పెళ్లిచూపులయ్యాయి. 'కాసేపు మాట్లాడుకోండి' అంటూ పెద్దవాళ్లు ఇద్దర్నీ డాబా మీదికి పంపారు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. చివరికి అబ్బాయే నోరు విప్పాడు.

'మొన్న మా అమ్మ ఊరెళితే పప్పు నేనే వండానండీ. కుక్కర్లో నీళ్లు పోయడం మర్చిపోయా. మాడు వాసనకి పక్కింటి పిన్నిగారు పరుగెత్తుకొచ్చి స్టవ్వు కట్టేశారు. అప్పట్నుంచీ నేను వంటింట్లో కనిపిస్తే చాలు, ఆవిడ కిటికీ దగ్గర కాపలా!'

అమ్మాయి ఫక్కున నవ్వింది. 'ఇప్పుడైనా నీళ్లు పోస్తున్నారా?' అనడిగింది. అంతే, మాటలు కలిశాయి.

అదే డాబా మీద ఇంకో అబ్బాయి ఉన్నాడనుకుందాం. అతనూ నవ్వుతూనే అన్నాడు, 'నాకు వంటే కాదండీ, ఏదీ చేతకాదు. మీలాంటి అమ్మాయి నాకు ఓకే చెప్తే ఎనిమిదో వింతే!' ఆ అమ్మాయి కూడా నవ్వింది, కాకపోతే మొహమాటంగా. 'అయ్యో, అలా అంటారేంటి' అని సర్దిచెప్పింది. ఆ తర్వాత ఏమనాలో ఆమెకు తెలియలేదు.

ఇద్దరూ తమమీద తామే జోకేసుకున్నారు. మొదటివాడు ఆమెకు నవ్వే పని మాత్రమే ఇచ్చాడు. రెండోవాడు ఓదార్చే పని కూడా అప్పగించాడు. తేడా అంతా అక్కడే ఉంది.

మొదటి జోకులో ఉన్నది ఒక చిన్న పొరపాటు. ఎప్పుడో జరిగింది, అయిపోయింది. పప్పు మాడ్చినంత మాత్రాన మనిషి విలువేం తగ్గదని అతనికి తెలుసు. రెండోదాంట్లో సంఘటనే లేదు, తనమీద తానిచ్చుకున్న తీర్పు ఉంది. 'కాదు, మీరు మంచివారే' అని అవతలివాళ్లు అనాలన్న ఆశ దాని వెనక దాక్కుంది. మొదటి పరిచయంలోనే ఆ బాధ్యత మోయడం ఎవరికైనా కష్టమే.

ఇలాంటి విషయాన్ని మానసిక శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్సన్ బృందం 1966లోనే పరీక్షించింది. క్విజ్ పోటీకి వచ్చిన వ్యక్తి మాటల టేపును విద్యార్థులకు వినిపించారు. ఒక టేపులో అతను 92 శాతం ప్రశ్నలకు సరిగ్గా చెబుతాడు, మరోదాంట్లో 30 శాతానికే. కొన్ని టేపుల్లో చివర కాఫీ ఒలకబోసుకుంటాడు. కాఫీ ఒలికాక తెలివైనవాడి మీద ఇష్టం పెరిగింది. అంతంతమాత్రంగా చెప్పినవాడి మీద తగ్గింది! అమెరికాలోని న్యూమెక్సికో విశ్వవిద్యాలయానికి చెందిన గ్రీన్‌గ్రాస్, మిల్లర్ 2008లో ప్రచురించిన అధ్యయనమూ దాదాపు ఇదే చెప్పింది. హోదా ఉన్నవాళ్లు తమమీద తాము జోకులేసుకుంటే దీర్ఘకాల బంధానికి మరింత నచ్చారు. హోదా తక్కువనిపించిన వాళ్లకు ఆ లాభం దక్కలేదు.

అలాగని హోదా లేనివాళ్లు నవ్వించకూడదని కాదు. అవతలివాళ్లకు మన మంచి గుణం ఒకటైనా తెలిశాక వేసుకున్న జోకు వినయంలా వినిపిస్తుంది. ఏమీ తెలియకముందే వేస్తే, వాళ్లకు తెలిసిన మొదటి సంగతి మన లోపమే అవుతుంది.

ఏ లోపం మీద అన్నదీ ముఖ్యమే. బట్టతలనే తీసుకోండి. 'షాంపూ ఖర్చు మిగిలిందండీ' అన్నవాడు దాంతో ఎప్పుడో రాజీపడ్డాడు. 'ఈ తల చూశాక మీరు వద్దంటారని తెలుసులెండి' అన్నవాడికి గాయం ఇంకా మానలేదు. మానని గాయం మీద నవ్వు పండదు, నొప్పి బయటపడుతుంది. ఉద్యోగం, అప్పులు, మాట మీద నిలబడటంలాంటి వాటిపై అసలు జోకులే వద్దు. 'నాకు డబ్బు నిలవదండీ' అని నవ్వుతూ చెప్పినా, వినేవాళ్లు దాన్ని నిజంగానే లెక్కలో వేసుకుంటారు.

మోతాదు కూడా చూసుకోవాలి. ఒక సాయంత్రానికి ఒకటో రెండో చాలు. అరగంటలో అయిదోసారి తనను తాను తక్కువ చేసుకుంటే నవ్వినవాళ్లే నమ్మడం మొదలుపెడతారు.

మరి వినేవాళ్లకు అవతలివారిది ఆత్మవిశ్వాసమో, న్యూనతో తెలిసేదెలా? ఓ చిన్న ప్రశంస విసిరి చూడండి. 'మీరు చాలా బాగా మాట్లాడతారండీ' అంటే 'థాంక్సండీ' అని హాయిగా తీసుకునేవారికి జోకు ఒక సరదా. 'ఊరుకోండి, నాకంత సీనులేదు' అంటూ ప్రతిసారీ తోసేసేవారికి అది డాలు. అయితే ఒక్కసారికే తీర్మానించొద్దు, పరిచయం కొత్తలో బిడియం ఎవరికైనా సహజమే. ఇంకో మాట... వాళ్లు తమమీద వేసుకున్న జోకును మీరు రెట్టించకండి. 'అవును, మీరు లావే' అంటే అది వాళ్ల జోకు కాదు, మీ విమర్శ!

ఇంతకీ పప్పు మాడ్చిన అబ్బాయి సంగతేమైంది? కిందికి దిగుతూ అమ్మాయి అడిగింది, 'వంట సరే, మరి బాగా వచ్చిందేంటి?' అతను తడుముకోలేదు. 'లెక్కలండీ. మా వీధి పిల్లలందరికీ నేనే చెప్తా.' ఈసారి జోకేమీ వేయలేదు. వేయాల్సిన అవసరమూ రాలేదు.