డిస్క్రిప్షన్‌లో క్యూఆర్ కోడ్ పెట్టే ముందు చూసేవాళ్లకి ఏం చెప్పాలి?

ఈ ఎపిసోడ్ డబ్బుల గురించి. అది కూడా మీరు నాకు పంపే డబ్బుల గురించి.

ముందు నా తప్పు చెప్తాను. కొన్ని నెలల క్రితం ఒక వీడియో చివర యూపీఐ క్యూఆర్ కోడ్ పెట్టి, "మీ సపోర్ట్ లేకపోతే ఈ ఛానల్ ఆగిపోతుంది" అన్నాను. రెండు రోజుల తర్వాత ఒక ఇంటర్ కుర్రాడు 500 రూపాయలు పంపి, "అన్నా, హాస్టల్ ఖర్చుల్లోంచి పంపాను, ఛానల్ ఆపొద్దు" అని మెసేజ్ పెట్టాడు. నిజం ఏంటంటే ఛానల్ ఆగే పరిస్థితి లేదు. ఉద్యోగంలో దాచుకున్నది ఇంకా ఉంది. నాకు కావాల్సింది ఒక మంచి మైక్, అంతే. ఆ 500 అదే ఐడీకి తిరిగి పంపేశాను. కానీ ఆ మాట నమ్మి ఇంకెంతమంది పంపారో అని చాలా రోజులు ఆలోచించాను.

మా రామతీర్థం గుడికి వచ్చినవాళ్లు హుండీలో వేస్తే అది దేవస్థానానికి వెళ్తుందని తెలుసు. పంతులుగారి చేతికిచ్చిన దక్షిణ ఆయనకని తెలుసు. ఎవరికి ఇస్తున్నారో తెలిసే ఇస్తున్నారు. మనం వీడియోలో అడిగేటప్పుడు కూడా అంత క్లియర్‌గా ఉండాలి.

సరే, 100 రూపాయల లెక్క చూద్దాం. మీరు సూపర్ థ్యాంక్స్ నొక్కినా, మెంబర్‌షిప్ తీసుకున్నా, పన్నులు తీసేశాక మిగిలినదాంట్లో 70 శాతం నాకు, 30 శాతం యూట్యూబ్‌కి. ఐఫోన్ యాప్‌లో కడితే యాపిల్ ఫీజు కూడా ముందే పోతుంది. అంటే పన్ను అస్సలు లేదనుకున్నా నాకు వచ్చేది 70. పేట్రియాన్‌లో అయితే, 2025 ఆగస్టు నుంచి కొత్తగా చేరిన క్రియేటర్లకి ఫీజు 10 శాతం, దాని మీద పేమెంట్ ఛార్జీలు వేరే. మీ బ్యాంక్ ఖాతా నుంచి యూపీఐలో నేరుగా పంపితే 100కి 100 వస్తుంది.

"మరి యూపీఐయే బెస్ట్ కదా అన్నా?" అంటారు. నాకు బెస్టే. మీకు అవునా కాదా అన్నది కూడా నేనే చెప్పాలి. మీరు పంపగానే మీ పేరు, యూపీఐ ఐడీ నాకు కనిపిస్తాయి. చాలామంది ఐడీలో ఫోన్ నంబరే ఉంటుంది. అందుకే అడగకుండా నేను వీడియోలో ఎవరి పేరూ చదవను, స్క్రీన్‌షాట్ పెట్టను. ఇంకోటి, ఒకసారి పంపాక యాప్‌లో వెనక్కి తీసుకునే బటన్ ఉండదు. నేను తిరిగి పంపితేనే వస్తుంది.

నా వీడియో డౌన్‌లోడ్ చేసి, నా కోడ్ మీద ఇంకొకడు వాడి కోడ్ అతికించి మళ్లీ అప్‌లోడ్ చేయొచ్చు. కాబట్టి పిన్ కొట్టే ముందు యాప్‌లో వచ్చే పేరు చూడండి. అది నా పేరు కాకపోతే అక్కడితో ఆపేయండి. డబ్బు "తీసుకోవడానికి" ఎవరికీ పిన్ అక్కర్లేదు. "నీకు రీఫండ్ ఇస్తాం, పిన్ కొట్టు" అని నా పేరుతో ఎవరైనా మెసేజ్ చేస్తే అది మోసం.

క్రియేటర్లకి ఒక మాట. దీనికి వేరే బ్యాంక్ ఖాతా, ఫోన్ నంబర్ లేని యూపీఐ ఐడీ పెట్టుకోండి. ఎవరో మోసం చేసి సంపాదించిన డబ్బు మీకు పంపితే, సైబర్ కంప్లయింట్‌లో మీ ఖాతా కూడా ఫ్రీజ్ అవ్వొచ్చు. ఇంటి ఖర్చుల ఖాతా అయితే ఆ రోజు పాలకి కూడా డబ్బులుండవు.

ఇంకా, దీన్ని "విరాళం" అనడం మానేశాను. విరాళం అంటే పన్ను మినహాయింపు వస్తుందని కొందరు అనుకుంటారు. ఆ మినహాయింపు రిజిస్టర్ అయిన సంస్థలకి ఇస్తేనే, నాలాంటి మనిషికి ఇస్తే రాదు. వీడియోలు చేసినందుకు వచ్చిన డబ్బు కాబట్టి ఇది నా ఆదాయం, రిటర్న్స్‌లో చూపించాల్సింది నేను.

ఇప్పుడు నా వీడియో చివర చెప్పే మాట ఇది: "మైక్‌కి 5,500 కావాలి. ఇప్పటిదాకా 3,200 వచ్చింది. 5,500 అవ్వగానే కోడ్ తీసేస్తాను. పంపినా పంపకపోయినా వీడియోలు ఫ్రీగానే వస్తాయి. చదువుకునేవాళ్లు పంపొద్దు."

ఇలా చెప్పడం మొదలుపెట్టాక డబ్బులు నెమ్మదిగా వస్తున్నాయి, నిజమే. మైక్ ఇంకా కొనలేదు, ఈ ఎపిసోడ్ కూడా పాత మైక్‌తోనే, ఆ గరగర మీకు వినిపిస్తూనే ఉండి ఉంటుంది. కానీ హాస్టల్ ఖర్చుల్లోంచి పంపానన్న మెసేజ్ మళ్లీ రాలేదు.

మీరు ఎవరికైనా ఇలా పంపి, తర్వాత "అయ్యో" అనుకున్నారా? కామెంట్‌లో చెప్పండి, యూపీఐ ఐడీలు మాత్రం రాయొద్దు. ఉంటాను మరి.