వర్క్‌షీట్ ఫొటోలో గ్రాఫ్ ఉందా? ముందు గడులు లెక్కపెట్టాలి

స్కూల్ వాట్సాప్ గ్రూప్‌లో లెక్కల వర్క్‌షీట్ ఫొటో వస్తుంది. అందులో ఒక బార్ గ్రాఫ్, దాని కింద నాలుగైదు ప్రశ్నలు. పుస్తకంలో దీన్నే కమ్మీ రేఖాచిత్రం అంటారు. కూడికలు, తీసివేతలు బాగా వచ్చిన పిల్లలకు కూడా ఇక్కడ మార్కులు పోతుంటాయి. లెక్క తప్పి కాదు, గ్రాఫ్ నుంచి తీసుకున్న అంకె తప్పి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక స్కూల్ లైబ్రరీ నుంచి వారంలో ఏ రోజు ఎన్ని పుస్తకాలు తీసుకెళ్లారో చూపే బార్ గ్రాఫ్ అది. ఎడమ పక్కన నిలువు గీత మీద 0, 20, 40, 60, 80 అని రాసి ఉంది. 20కి, 40కి మధ్య మూడు సన్నని గీతలున్నాయి, వాటికి అంకెలు లేవు. పిల్లలు పొరపాటు పడేది సరిగ్గా ఇక్కడే. ఒక్కో గీతను ఒకటిగా లెక్కేసి 41, 42 అనుకుంటూ పోయేవాళ్లు కొందరు. మూడు గీతలున్నాయి కదా అని 20ని మూడుతో భాగించేవాళ్లు ఇంకొందరు. లెక్కపెట్టాల్సింది గీతల్ని కాదు, గడుల్ని. మూడు గీతలు పడితే నాలుగు గడులు ఏర్పడతాయి. 20ని 4తో భాగిస్తే 5. అంటే ఒక్కో గడి అయిదు పుస్తకాలు.

ఇది తేలాక మిగతాది తేలిక. సోమవారం బార్ 40 దాటి రెండు గడులు పైకి వెళ్లింది, కాబట్టి 50. మంగళవారం బార్ 20 పైన మూడు గడులు, అంటే 35. బుధవారం బార్ 60 పైన ఒక గడి, అంటే 65. "మంగళవారం కన్నా బుధవారం ఎన్ని పుస్తకాలు ఎక్కువ?" అన్న ప్రశ్నకు 65లోంచి 35 తీసేస్తే 30. సరిచూసుకోవాలంటే రెండు బార్ల ఎత్తు తేడా చూస్తే చాలు. ఆరు గడులు, ఆరైదులు ముప్పై. రెండు దారుల్లో ఒకే జవాబు రాకపోతే ఎక్కడో గడి తప్పినట్టే.

గురువారం బార్ 25కి, 30కి సరిగ్గా మధ్యలో ఆగింది. లెక్క ప్రకారం 27.5, కానీ అరపుస్తకం ఎవరూ తీసుకెళ్లరు కదా. "సుమారు 28" అని రాయడమే సబబు.

ఇక ఫొటో తెచ్చే చిక్కులు వేరు. "స్కేలు: 1 సెం.మీ. = 10 పుస్తకాలు" అని పైన రాసి ఉంటే, కొందరు ఫోన్ స్క్రీన్ మీదే స్కేలు పెట్టి కొలుస్తారు. ఆ సెంటీమీటర్ అసలు కాగితం మీదిది. ఫొటోలో బొమ్మ చిన్నదైపోతుంది, జూమ్ చేస్తే పెద్దదవుతుంది, అందుకే ఆ కొలత పనికిరాదు. పక్కనున్న అంకెల్ని బట్టే చదవాలి. ఫొటో వంకరగా ఉన్నప్పుడు, బార్ కొస నుంచి అంకెల దాకా చూపును ఫోన్ అంచుకు సమాంతరంగా తీసుకెళ్తే పక్క గడిలోకి జారిపోతుంది. కాగితంలోనే అచ్చయిన అడ్డగీత వెంట వెళ్లాలి. ఒక అంకె మసకబారితే ముందు, వెనక అంకెలు దారి చూపిస్తాయి. 20, 60 మధ్యలో కనిపించనిది 40. అంకెల వరుసంతా ఫొటోలో కట్ అయిపోతే మాత్రం ఊహించి రాయకుండా టీచర్‌ను ఇంకో ఫొటో అడగాలి.

ఉర్దూ మీడియం పిల్లల ఇంట్లో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ప్రశ్న కుడి నుంచి ఎడమకు చదువుతారు, అదే ఊపులో గ్రాఫ్‌ను కూడా కుడి నుంచే మొదలుపెడితే పెరిగింది తగ్గినట్టు అనిపిస్తుంది. గంటలు, రోజులు ఏ వైపు నుంచి మొదలయ్యాయో ముందు చూసుకోవాలి.

లైన్ గ్రాఫ్‌లో ఇది మరీ ముఖ్యం. ఒక రోజు ఉష్ణోగ్రత గ్రాఫ్ అనుకుందాం. ఉదయం 9కి 26 డిగ్రీలు, 12కి 32, మధ్యాహ్నం 3కి 36, సాయంత్రం 6కి 31. నిలువు గీత సున్నాతో కాకుండా 24తో మొదలైంది, గడికి 2 డిగ్రీలు. 9 గంటల చుక్క ఒక గడి ఎత్తులో, 3 గంటల చుక్క ఆరు గడుల ఎత్తులో ఉంటాయి. చూపుకు ఆరు రెట్లు, నిజానికి తేడా 10 డిగ్రీలే.

"ఏ వ్యవధిలో ఉష్ణోగ్రత ఎక్కువగా పెరిగింది?" అంటే చాలామంది 3 గంటలు అని రాసేస్తారు, అక్కడే గీత అన్నిటికన్నా పైన ఉంది కాబట్టి. అడిగింది ఎత్తు కాదు, పెరుగుదల. 9 నుంచి 12 లోపు 6 డిగ్రీలు పెరిగింది, 12 నుంచి 3 లోపు 4 మాత్రమే. జవాబు 9 నుంచి 12 వరకు. ఒంటిగంటన్నరకు ఎంత అని అడిగితే గీత 34 దగ్గర కనిపిస్తుంది. అప్పుడు ఎవరూ కొలవలేదు, కొలిచినవి చుక్కలు పెట్టిన చోట్లే. అందుకే ఆ జవాబు ముందు "సుమారు" ఉండాలి.