అక్కకి రాసిన ఉత్తరం

మావారికి హైదరాబాద్ బదిలీ అని తేలాక నాకు మొదట గుర్తొచ్చింది సామాన్లు కాదు, మా ఇంట్లో ఆరేళ్లుగా పనిచేస్తున్న అక్క. రాజమండ్రి దగ్గర పల్లెటూరు ఆవిడది. దోహా వచ్చినప్పుడు మా చిన్నాడికి ఎనిమిది నెలలు.

చెప్పడం నోటితో అవుతుంది, కానీ కాగితం కూడా కావాలి. మావారు ఆఫీసులో వాడే నమూనా తెచ్చి ఇంగ్లీషులో నాలుగు లైన్లు టైపు చేశారు. మీ సేవలు ఇక అవసరం లేదు, ఫలానా తేదీతో ఒప్పందం ముగుస్తుంది, కృతజ్ఞతలు. నేను చదివి అర్థం చెబుతుంటే అక్క చేతిలో గిన్నె కింద పెట్టేసి, "నేనేం తప్పు చేశానండీ అమ్మగారూ?" అంది. ఆ మాటకి నాకు సిగ్గేసింది. మేం వెళ్లిపోతున్నామన్న ముక్క ఆ కాగితంలో ఎక్కడా లేదు మరి!

దాన్ని చించేసి తెలుగులో రాయడానికి కూర్చున్నాను. మొదటి వాక్యమే కారణం: "అక్కా, మావారికి బదిలీ అయింది, జూన్ నెలాఖరుకి మేం ఇండియా వెళ్లిపోతున్నాం, అందుకే ఈ ఉత్తరం. మీ పనిలో ఏ లోపమూ లేదు."

తర్వాత తేదీ. 2020లో వచ్చిన మార్పుల ప్రకారం ఖతార్‌లో రెండేళ్లు దాటి పనిచేసినవాళ్లు వేరే చోటికి మారాలంటే రెండు నెలల ముందు చెప్పాలి. ఆవిడ మాకు అంత గడువివ్వాల్సి ఉంటే మేం ఆవిడకి అంతకన్నా తక్కువ ఇవ్వడం ఏం న్యాయం? చివరి రోజు జూన్ 30 కాబట్టి ఏప్రిల్ 30నే ఉత్తరం చేతికిచ్చాను. పాత యజమాని అనుమతిపత్రం లేకుండా మారే వీలు కూడా ఆ మార్పులతోనే వచ్చింది. ఆ రెండు నెలలూ ఆవిడ కొత్త ఇల్లు వెతుక్కోవడానికే. శుక్రవారాలతో పాటు వారంలో ఇంకో సాయంత్రం కూడా సెలవని ఉత్తరంలోనే రాశాను. నోటిమాటగా వదిలేస్తే, చుట్టాలు భోజనానికొచ్చిన రోజు ఆ సెలవు నేనే మర్చిపోతానని నా మీద నాకే అనుమానం.

డబ్బు దగ్గర మావారు, "ముగింపు బకాయిలు చెల్లిస్తాం అని రాస్తే సరిపోదా?" అన్నారు. సరిపోదు. ఎంతో తెలియని డబ్బు గురించి ఆవిడ రెండు నెలలు ఎవరినడుగుతుంది? ఇళ్లల్లో పనిచేసేవాళ్ల కోసం 2017లో వచ్చిన 15వ నంబరు చట్టం, ఏడాదికి కనీసం మూడు వారాల జీతం సర్వీసు డబ్బుగా ఇవ్వాలంటుంది. అక్క జీతం 1,800 రియాళ్లు. రోజుకి 60, ఇరవయ్యొక్క రోజులకి 1,260. ఆరేళ్లకి 7,560. పైన నాలుగు నెలలున్నాయి, వాటికీ అదే లెక్కన 420 కలిపాం. మొత్తం 7,980. ఈ ఏడాది వాడుకోని మూడు వారాల సెలవుకి ఇంకో 1,260. నోటీసు కాలం జీతం మామూలుగా నెలనెలా వస్తుంది, దీన్లో కలపలేదు. ఇంటికెళ్తానంటే టికెట్ మాదే. ఈ లెక్కంతా అక్క ముందే వేళ్ల మీద వేశాం. ఒకచోట ఆవిడే నన్ను సరిదిద్దింది.

అందినట్టు సంతకం మాత్రం అప్పుడు అడగలేదు. ఉత్తరం ముట్టినట్టు ఒక సంతకం, డబ్బు ముట్టిన రోజున ఇంకొకటి. రెండూ ఒకే కాగితం మీద ముందే పెట్టించుకునే ఇళ్లు చూశాను.

కృతజ్ఞత ఆఖర్న రాశాను, అదే అన్నింటికన్నా కష్టమైంది. "మీ సేవలు మరువలేనివి" అని రాసి కొట్టేశాను. అది ఎవరికైనా రాయొచ్చు. చివరికి రాసింది ఇది: "2020లో బడులు మూతపడి, నేను గదిలో తలుపేసుకుని ఆఫీసు పని చేసుకున్న నెలల్లో, పెద్దదానికి గుణింతాలు మీరే నేర్పారు. నాకు ఆపరేషనైనప్పుడు పదకొండు రాత్రులు నా గదిలో చాపేసుకుని పడుకున్నారు. అది మీ పనిలో భాగం కాదు. మేం అడగలేదు కూడా."

అక్క కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. చదివి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆ గుణింతాల ముక్క ఇంగ్లీషులోనూ రాసివ్వండి. కొత్త మేడమ్‌కి చూపిస్తాను" అంది. ఆ రాత్రే విడిగా సిఫారసు కాగితం రాశాను. అందులో వంటలు, పిల్లల పెంపకం, ఆరేళ్ల నాలుగు నెలలు, నా ఫోన్ నంబరు. కారణం కూడా: కుటుంబం దేశం వదిలి వెళ్తోంది.

జూన్ రెండో వారంలో ఒకావిడ నుంచి నాకు ఫోనొచ్చింది. గుణింతాలు నిజంగానే వచ్చా అని అడిగింది. మా పెద్దదాన్ని పిలిచి ఫోనిచ్చాను.