“రిపోర్ట్ బాలేదు” అనకుండా, బాలేదని ఎలా చెప్పాలి?

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు చేసిన ఒక తప్పు గురించి ఈరోజు చెప్తాను.

ఒక శుక్రవారం సాయంత్రం మా పేమెంట్ పేజీ 40 నిమిషాలు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో రిపోర్ట్ రాసే పని టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు. తను మూడు పేజీలు రాసి నాకు పంపింది. కారణం దగ్గర “సర్వర్ మీద లోడ్ ఎక్కువైంది” అని ఉంది. నేను పక్కన మూడు కామెంట్లు పెట్టా: “అనాలిసిస్ వీక్‌గా ఉంది. క్లారిటీ లేదు. ఇంకా బాగా రాయాలి.”

రెండు రోజులకి కొత్త వెర్షన్ వచ్చింది. ఆరు పేజీలు. ఫాంట్ మారింది, రంగురంగుల డయాగ్రమ్ వచ్చింది. కారణం మాత్రం అదే, లోడ్! “ఇదేంటి?” అంటే తను మెల్లగా ఒక్క మాట అంది: “అన్నా, ఏం మార్చాలో మీరు చెప్పలేదు కదా.”

నిజమే. “వీక్” అనేది నా తీర్పు. ఆ మాట రిపోర్ట్‌లో ఏ లైన్ దగ్గర ఉందో వెతికితే దొరకదు. అందుకే అది పేజీని వదిలేసి మనిషికి తగుల్తుంది. ఇంతలో అసలు కారణం దొరకలేదు కాబట్టి, మరుసటి వారం అదే పేజీ మళ్లీ ఆగింది.

అప్పుడు ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఈసారి నేను కామెంట్ ఇలా రాశా:

“రెండో పేజీలో కారణం లోడ్ అని ఉంది. కానీ అదే పేజీ గ్రాఫ్‌లో 7:10కి సీపీయూ 35 శాతమే కనిపిస్తోంది. ఈ రెండూ కలిపి చదివితే అసలు కారణం వేరే ఉందేమో అనిపిస్తుంది. ఆ టైమ్‌లో డేటాబేస్ కనెక్షన్లు ఎన్ని వాడుకలో ఉన్నాయో లాగ్‌లో చూసి ఒక లైన్ యాడ్ చేస్తావా?”

ఇందులో మూడు ముక్కలున్నాయి. ఎక్కడ ఏం కనిపించింది, దానివల్ల చదివేవాళ్లకి ఏమవుతుంది, తర్వాత ఏం చేయొచ్చు. మొదటి ముక్కే ముఖ్యం. ఇద్దరూ వేలు పెట్టి చూపించగలిగేది అయితే దాని మీద గొడవ ఉండదు. గంటలో తను కనిపెట్టేసింది: శుక్రవారం మధ్యాహ్నం చేసిన మార్పులో కనెక్షన్ల లిమిట్ 50 నుంచి 10కి పడిపోయింది. రిక్వెస్ట్‌లు అన్నీ కనెక్షన్ కోసం క్యూలో నిలబడ్డాయి. అందుకే సీపీయూ ఖాళీగా ఉంది!

ఇక్కడ తెలుగులో రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, “ఎందుకు”. “టైమ్ ఎందుకు రాయలేదు?” అని మనం మామూలుగా అడిగినా, అవతలి వాళ్లకి తిట్టినట్టే వినిపిస్తుంది. “ఏ టైమ్‌కి మొదలైందో ఎక్కడైనా ఉందా? నాకు కనిపించలేదు” అంటే అది పని గురించిన మాట. రెండోది, “నువ్వు” తీసేసి “రాయలేదు” అన్నా, వినేవాళ్లకి “నువ్వు రాయలేదు” అనే వినిపిస్తుంది. “మొదటి పేజీలో ‘కొంతసేపు ఆగింది’ అని ఉంది, 7:10 నుంచి 7:50 వరకు అని ఉంటే క్లయింట్‌కి లెక్క తెలుస్తుంది” అంటే వాక్యం పేజీ గురించే మాట్లాడుతుంది.

మెత్తగా చెప్పడం అంటే విషయాన్ని చిన్నది చేయడం కాదు. “సూపర్‌గా ఉంది, జస్ట్ చిన్న డౌట్” అని మొదలుపెడితే, తను దాన్ని చిన్నదే అనుకుంటుంది, మార్చకుండా పంపేస్తుంది. ముఖ్యమైనదైతే పైనే రాయండి: “కారణం తేలేవరకు ఇది క్లయింట్‌కి పంపలేం. మిగతా రెండు కామెంట్లు తర్వాత చూసినా పర్లేదు.” అంకె తప్పైతే తప్పనే చెప్పండి, సరైన అంకె పక్కన పెట్టండి.

ఇంకొకటి. కొన్నిసార్లు “బాలేదు” అనిపిస్తుంది, కానీ ఎంత వెతికినా చూపించడానికి లైన్ దొరకదు. అప్పుడు చాలావరకు అది మన టేస్ట్ అన్నమాట. నేనైతే ఆ కామెంట్ డిలీట్ చేసేస్తా.

ఆ రిపోర్ట్ చివరికి రెండున్నర పేజీలైంది. డయాగ్రమ్ తనే తీసేసింది. ఆ తర్వాతి రిపోర్ట్ సగం రాసినప్పుడే నా దగ్గరికి తెచ్చింది: “అన్నా, గ్రాఫూ కారణం మ్యాచ్ అవుతున్నాయా, ఒకసారి చూస్తారా?” అని.

సరే మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.