పేరు అడగాలి, చెప్పకూడదు

"మా పచ్చళ్లు తెలుసా అండీ?" అని ఎదురుగా నిలబడి అడిగితే తెలియదనేవాళ్లు తక్కువ. కొందరికి మొహమాటం, కొందరికి తెలియదనడం నామోషీ. అలా నూరుమందిని అడిగి, ఎనభైమందికి మన పేరు తెలుసని సంబరపడే చిన్న కంపెనీలు చాలానే ఉంటాయి. డబ్బు పెట్టలేక సర్వే పాడైందని వాళ్లు అనుకుంటారు గానీ, దాన్ని పాడు చేసింది ఆ ప్రశ్నే.

కాకినాడలో పచ్చళ్లు సీసాలకెత్తి చుట్టుపక్కల ఊళ్లలో అమ్మే ఒక కంపెనీ ఉందనుకుందాం. ఆటోల వెనక ప్రకటనలు వేయించాలని ఆలోచిస్తోంది. అంతకంటే ముందు ఊళ్లో తన పేరు ఎంతమందికి తెలుసో చూసుకోవాలి. మార్కెట్ రీసెర్చ్ సంస్థకు ఇచ్చేంత డబ్బు లేదు. డిగ్రీ చదివే ఇద్దరు కుర్రాళ్లు, రెండు అట్టలు, కొన్ని కాగితాలు ఉంటే సరిపోతుంది. ఒక్కొక్కరు రోజుకు నలభైమందితో మాట్లాడగలిగితే అయిదు రోజుల్లో నాలుగు వందలమంది అవుతారు.

మొదటి ప్రశ్నలో ఏ కంపెనీ పేరూ ఉండకూడదు. రైతుబజారు గేటు దగ్గర సంభాషణ ఇలా నడుస్తుంది.

"అమ్మా, రెండు నిమిషాలు. సీసాల్లో, ప్యాకెట్లలో అమ్మే పచ్చళ్ల కంపెనీల పేర్లు మీకు తెలిసినవి చెప్తారా?"

"మేం కొనం బాబూ, ఇంట్లోనే పెట్టుకుంటాం."

"కొనకపోయినా ఫర్వాలేదమ్మా, విన్న పేర్లు చెప్పండి."

"ప్రియ... ఇంకా ఏదో ఉందే, మామిడికాయల బొమ్మ ఉంటుందీ..."

ఇక్కడ కుర్రాడు నోరు కట్టేసుకోవాలి. పేరు అందించకూడదు, తల ఊపకూడదు. ఆమె చెప్పినవి చెప్పిన వరుసలోనే, ఆమె మాటల్లోనే రాసుకోవాలి. అందరికంటే ముందు నోటికొచ్చిన పేరును ఈ రంగంలో టాప్ ఆఫ్ మైండ్ అంటారు. అడగ్గానే తమంతట తాము చెప్పిన పేర్లన్నీ కలిపితే అన్‌ఎయిడెడ్ రీకాల్. "ఇంట్లోనే పెట్టుకుంటాం" అన్నదీ జవాబే, దాన్నీ రాయాలి. పచ్చళ్ల విషయంలో మనకు అసలు పోటీ ఎవరితోనో ఆ ఒక్క మాటే చెబుతుంది.

రెండో ప్రశ్నకు గానీ జాబితా బయటకు రాదు. అట్ట మీద ఆరేడు పేర్లుంటాయి, వాటిలో మనదొకటి. "వీటిలో ఏవేవి విన్నారు?" అని అడగడం ఎయిడెడ్ రీకాల్. మన పేరు ఎప్పుడూ పైనే ఉండకుండా పేర్ల వరుస మార్చి నాలుగు రకాల అట్టలు చేసుకోవాలి. ఆ పేర్లలో ఒకటి అసలు లోకంలో లేనిదై ఉండాలి. నోటికి బాగా తిరిగే పేరొకటి కల్పించి, అలాంటి పచ్చడి ఎక్కడా లేదని ఇంటర్నెట్లోనూ ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ వెబ్‌సైటులోనూ చూసుకుని జాబితాలో చేర్చాలి. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా చిన్న సర్వేల్లో ఎక్కువగా వదిలేసేది దీన్నే.

ఇప్పుడు మన కాకినాడ లెక్క చూద్దాం, అంకెలు నేను ఉదాహరణకు అనుకున్నవే. నాలుగు వందలమందిలో 48 మంది మన పేరు తమంతట తాము చెప్పారు, అంటే 12 శాతం. అట్ట చూపిస్తే 232 మంది విన్నామన్నారు, 58 శాతం. లేని కంపెనీని విన్నామన్నవాళ్లు 36 మంది. ఆ 36 మందిలో 32 మంది మన పేరుకూ ఊ కొట్టినవాళ్లే. దేనికైనా అవుననే వాళ్ల మాట లెక్కలోకి తీసుకోలేం కాబట్టి ఆ 36 మందినీ పక్కన పెడితే మిగిలేది 364 మంది, వాళ్లలో మనం తెలిసినవాళ్లు 200. అంటే 55 శాతం. ఇక్కడ తేడా మూడు పాయింట్లే. కానీ లేని పేరుకు ముప్పై శాతం మంది అవునంటే, మొహమాటపెట్టేలా అడుగుతున్నారనో, కుర్రాళ్లు ఇంట్లో కూర్చుని కాగితాలు నింపుతున్నారనో అనుమానించాలి.

ఎవరిని ఆపాలన్నది కుర్రాళ్ల ఇష్టానికి వదిలితే తమ ఈడువాళ్లనే, నవ్వుతూ కనిపించేవాళ్లనే ఆపుతారు. అందుకని గేటు దగ్గర ఒక గీత అనుకుని, దాన్ని దాటే ప్రతి అయిదో మనిషినీ అడగాలి. కాదని వెళ్లిపోయినవాళ్లను కూడా ఒక గీత గీసి లెక్కపెట్టాలి. రైతుబజారు ఒక్కటే చాలదు. ఆర్టీసీ కాంప్లెక్సు, ప్రభుత్వాసుపత్రి వీధి, ఒక కాలేజీ, పొద్దునా సాయంత్రమూ తిరగాలి. మన సీసాలు కనిపించే కొట్టు ముందు నిలబడకూడదు. కంపెనీ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని సర్వే చేసేవాళ్లూ ఉంటారు, వాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియదు.

జవాబులు పోగు చేయడంలో మరో చిక్కుంది. పచ్చళ్లు కాక పాల ప్యాకెట్ల సర్వే అనుకోండి, "విజయ" అని జవాబొస్తుంది. అది విజయవాడ కృష్ణా మిల్క్ యూనియన్ అమ్మే విజయా, తెలంగాణ డెయిరీ విజయా? ఆ పేరుతో వంటనూనె కూడా ఉంది. ఎవరు ఎక్కడ నిలబడి చెప్పారో రాసుకోకపోతే తర్వాత తేల్చుకోలేం. మన పేరును కాస్త తప్పుగా పలికినవాళ్లను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న నియమం కూడా కాగితాలు తిరగేయకముందే రాసిపెట్టుకోవాలి. మధ్యలో నిర్ణయిస్తే మనసు మన వైపే లాగుతుంది.

ఆన్‌లైన్లో గూగుల్ ఫామ్స్‌తో ఇదంతా ఉచితంగా అయిపోతుంది, చిక్కులు మాత్రం వేరు. ఫామ్‌కు "మన పచ్చళ్ల సర్వే" అని కంపెనీ పేరు పెడితే వాట్సాప్‌లో లింకు కింద ఆ పేరే కనిపించి మొదటి ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది. "వంటింటి అలవాట్లు" లాంటి పేరు చాలు. పేర్లు రాయమనే ప్రశ్న ఒక సెక్షన్లో, జాబితా తర్వాతి సెక్షన్లో పెట్టి, జాబితా వరుస మారుతూ ఉండేలా సెట్టింగు ఉంచాలి. అయినా జాబితా చూసి వెనక్కి వెళ్లి మొదటి జవాబు దిద్దుకునేవాళ్లుంటారు, ఆపలేం. పైగా యజమాని వాట్సాప్ గ్రూపుల్లో ఉండేది బంధువులు, డీలర్లు, పాత క్లాస్‌మేట్లు. వాళ్లకు పేరు తెలియక ఏమవుతుంది? ఒక్కో గ్రూపుకు ఫామ్ కాపీ విడిగా చేసి పంపితే ఏ జవాబు ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. వీధిలో వచ్చిన అంకెను, ఫోన్లో వచ్చిన అంకెను ఎప్పుడూ కలపకూడదు. ఇంటర్నెట్ వాడని అత్తగారు ఫామ్‌లో ఉండదు, ఆఫీసు వేళ రైతుబజారులో ఉద్యోగి కనబడడు.

ఆటో ప్రకటనలు మూడు నెలలు తిరిగాక మళ్లీ నాలుగు వందలమందిని అడిగారు. తమంతట తాము పేరు చెప్పినవాళ్లు 12 నుంచి 15 శాతమయ్యారు. యజమాని స్వీట్లు పంచవచ్చు గానీ లెక్క ఒప్పుకోదు. మనుషులను లాటరీలో తీసినంత నిష్పక్షపాతంగా ఎంచుకున్నా, ఇంత చిన్న సర్వేలు రెండింటి మధ్య అయిదు పాయింట్ల లోపు తేడా ఊరికే కూడా వస్తుంది. వీధి సర్వేలో ఆ నిష్పక్షపాతం పూర్తిగా ఉండదు కాబట్టి ఆ అయిదును ఇంకాస్త పెంచుకోవాలి. అది 18 అయి ఉంటే ప్రకటనల వల్ల కావచ్చునని అనుకోవచ్చు, 20 దాటితే ధైర్యంగా అనొచ్చు. పేటలవారీగా విడగొట్టి, ఒక పేటలో అరవైమందిని చూసి "ఇక్కడ మనకు పట్టుంది" అనడం మాత్రం అనవసరం. అరవైమందితో వచ్చే శాతం పైకీ కిందికీ పన్నెండు, పదమూడు పాయింట్లు ఊగుతుంది.

రెండోసారి అడిగేటప్పుడు ప్రశ్నలో ఒక్క మాట కూడా మారకూడదు, చోట్లూ వేళలూ అవే ఉండాలి. పచ్చళ్లకు కాలం కూడా చూసుకోవాలి. ఇంటింటా ఆవకాయ కలిపే ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, జాడీ అడుగంటిన చలికాలంలో ఒకసారి అడిగి ఆ రెండంకెలూ పోల్చితే, పెరిగిందీ తగ్గిందీ ప్రకటన వల్లనా, జాడీ వల్లనా అన్నది ఎవరూ చెప్పలేరు.