'ఐ యామ్ జాయినింగ్' ఓకే.. మరి 'ఐ యామ్ నోయింగ్' ఎందుకు కాదు?

కొత్త కంపెనీ హెచ్‌ఆర్ నుంచి ఫోన్. 'వెన్ ఆర్ యూ జాయినింగ్?' అని అడుగుతున్నారు. అభ్యర్థికి ఇప్పుడున్న కంపెనీలో 60 రోజుల నోటీస్ పీరియడ్ నడుస్తోంది. రిలీవింగ్ తేదీ ఇంకా చేతికి రాలేదు. పైగా ఇంకో ఆఫర్ కూడా ఉంది. ఆ కంగారులో 'ఐ యామ్ జాయినింగ్ ఆన్ ద ఫిఫ్టీన్త్' అనేస్తాడు. అటువైపు హెచ్‌ఆర్ ఆ తేదీ రాసుకుని లాప్‌టాప్‌కి రిక్వెస్ట్ పెడతారు, ప్రాజెక్టు మేనేజర్‌కి మెయిల్ కొడతారు. తర్వాత తేదీ మారితే ఇద్దరికీ చిరాకే. ఇందులో హెచ్‌ఆర్ పొరపాటేమీ లేదు. ఆ వాక్యానికి ఇంగ్లిష్‌లో అర్థమే 'తేదీ ఖరారైపోయింది' అని.

ప్రెజెంట్ కంటిన్యువస్ అంటే 'ఇప్పుడు జరుగుతున్న పని' అని స్కూల్లో నేర్చుకున్నాం. నిజమే, కానీ అది సగమే. ముందే ఏర్పాటు చేసుకున్న రేపటి పనికీ ఇదే రూపం వాడతారు. టికెట్ తీసుకున్నాం, అవతలి వ్యక్తి సరేనన్నారు, క్యాలెండర్‌లో ఇన్వైట్ పడింది.. ఇలాంటి ఏర్పాటు ఏదో ఒకటి వెనకాల ఉండాలి. 'టుమారో', 'ఆన్ మండే' లాంటి కాలం మాట కూడా ఉండాలి, లేదా సందర్భాన్ని బట్టి తెలియాలి. అది లేకపోతే వినేవాళ్లు 'ఇప్పుడే' అనుకుంటారు.

మనకు కలిసొచ్చే విషయం ఏంటంటే, తెలుగులోనూ ఇదే తేడా ఉంది. 'రేపు విజయవాడ వెళ్తున్నా' అంటే బస్ టికెట్ బుక్ చేసేసినట్టే. 'రేపు విజయవాడ వెళ్తాలే' అంటే ఇప్పుడే అనుకున్న మాట, లేదా ఎదుటివాళ్లకు ఇచ్చే మాట. మొదటిది 'ఐ యామ్ గోయింగ్', రెండోది 'ఐ విల్ గో'. ఏర్పాటు లేకుండా మనసులో ఉద్దేశం మాత్రమే ఉంటే 'ఐ యామ్ గోయింగ్ టు' వాడొచ్చు. 'ఈ ఏడాది గేట్ రాద్దామనుకుంటున్నా' అన్నట్టు. అయితే చాలా సందర్భాల్లో ఈ రూపాల మధ్య గీత సన్ననిదే. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా వీటిని అటూ ఇటూ వాడేస్తుంటారు.

గీత గట్టిగా కనిపించేది మన చేతిలో లేని విషయాల దగ్గర. 'ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో' అనరు. వర్షంతో ఎవరూ అపాయింట్‌మెంట్ తీసుకోలేరు కదా! 'ఇట్స్ గోయింగ్ టు రెయిన్' అంటారు. తెలుగులో 'రేపు వర్షం పడుతోంది' అని చూడండి. చెవికి ఎబ్బెట్టుగా లేదూ? 'రేపు వర్షం పడుతుంది' అనే అంటాం. మన చెవికి ఈ రూల్ ముందే తెలుసన్నమాట.

మళ్లీ హెచ్‌ఆర్ కాల్‌కి వద్దాం. తేదీ ఖాయం కానప్పుడు 'ఐ యామ్ హోపింగ్ టు జాయిన్ ఆన్ ద ఫిఫ్టీన్త్, బట్ ఐ డోంట్ హావ్ మై రిలీవింగ్ డేట్ యెట్' అంటే సరిపోతుంది. అబద్ధం లేదు, ఆసక్తీ తెలుస్తుంది. కానీ ఆ రిలీవింగ్ తేదీ శుక్రవారం తెలుస్తుందని చెప్పాలి. 'ఐ యామ్ జాయినింగ్' అలవాటులో ఇదీ 'ఐ యామ్ నోయింగ్ ఇట్ ఆన్ ఫ్రైడే' అయిపోతుంది. అక్కడే బండి ఆగుతుంది. చెప్పాల్సింది 'ఐ విల్ నో బై ఫ్రైడే'.

ఎందుకంటే నో, వాంట్, నీడ్, బిలాంగ్, ఓన్ లాంటివి చేసే పనులు కావు, ఉండే స్థితులు. గ్రామర్ పుస్తకాల్లో వీటిని స్టేటివ్ వెర్బ్స్ అంటారు. కోడ్ రాసేవాళ్లకైతే ఒక్క మాటలో తేలిపోతుంది: ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంటే ప్రోగ్రెస్ బార్ కనిపిస్తుంది, సెట్టింగ్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెప్పడానికి ప్రోగ్రెస్ బార్ ఉండదు. 'నో' రెండో రకం. స్థితిని టికెట్ బుక్ చేసినట్టు ముందే ఏర్పాటు చేసుకోలేం. అందుకే రేపటి ప్లాన్ చెప్పడానికీ ఈ క్రియలకు 'ఇంగ్' తగిలించరు.

వీటిని పట్టుకోవడానికి పొడవాటి లిస్టు బట్టీ పట్టక్కర్లేదు. తెలుగు వాక్యం 'నేను'తో మొదలవుతోందా, 'నాకు'తోనా అని చూడండి. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు గుర్తుంది, నాకు రెండు ఆఫర్లున్నాయి.. 'నాకు' వచ్చిన చోట ఇంగ్లిష్‌లో 'ఇంగ్' రావడం అరుదు. కాబట్టి 'ఐ యామ్ హావింగ్ టూ ఆఫర్స్' కాదు, 'ఐ హావ్ టూ ఆఫర్స్'.

ఈ చిట్కా అన్నిచోట్లా పనిచేయదు. 'నేను నమ్ముతున్నాను'లో 'నేను' ఉన్నా ఇంగ్లిష్‌లో 'ఐ బిలీవ్' అనే అనాలి. 'నాకు ఆకలేస్తోంది'లో 'నాకు' ఉన్నా 'ఐ యామ్ ఫీలింగ్ హంగ్రీ' తప్పు కాదు.

అసలు ఉచ్చు వీడియో కాల్స్‌లో ఉంది. 'మీ మాట వినిపించడం లేదు', 'నా స్క్రీన్ కనిపిస్తోందా?' అని తెలుగులో సహజంగానే అంటాం. అది ఇంగ్లిష్‌లోకి దిగేసరికి 'ఐ యామ్ నాట్ హియరింగ్ యూ', 'ఆర్ యూ సీయింగ్ మై స్క్రీన్?' అయిపోతుంది. మన టీముల్లో అందరికీ అర్థమవుతుంది, పని ఆగదు. కానీ విదేశీ క్లయింట్ ఉన్న కాల్‌లో 'ఐ కాంట్ హియర్ యూ', 'కెన్ యూ సీ మై స్క్రీన్?' అనడమే మేలు. తెలుగు క్రియలో 'స్తోంది' కనిపించిందని 'ఇంగ్' పెట్టేయకూడదన్నమాట.

మరి 'ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో' ఎలా కరెక్ట్? అక్కడ 'సీ' అంటే కంటికి కనిపించడం కాదు, వెళ్లి కలవడం. అపాయింట్‌మెంట్ ఉంది, అది ఏర్పాటే. 'ఐ యామ్ హావింగ్ లంచ్ విత్ మై మేనేజర్ టుమారో' కూడా అంతే, 'హావ్' అక్కడ భోజనం చేయడం. 'ఐ థింక్' అంటే నా అభిప్రాయం. 'ఐ యామ్ థింకింగ్ అబౌట్ ది ఆఫర్' అంటే ఇంకా ఆలోచిస్తున్నా. రెండో ఆఫర్ గురించి హెచ్‌ఆర్ అడిగితే ఈ రెండింటిలో ఏది అంటారన్నది చాలా తేడా తెస్తుంది. స్పెల్లింగ్ ఒకటే అయినా క్రియ స్థితి నుంచి పనిలోకి మారింది. కొద్దికొద్దిగా వస్తున్న మార్పు చెప్పేటప్పుడూ ఇలాగే సడలింపు ఉంది: 'ఐ యామ్ అండర్‌స్టాండింగ్ ద కోడ్ బెటర్ నౌ' అనడం వింటుంటాం, అందులో తప్పేం లేదు. 'నో'కి మాత్రం ఇంత వెసులుబాటు లేదు.

రిఫరెన్స్ అడిగినప్పుడు 'ఐ యామ్ నోయింగ్ హిమ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అనేది మనవాళ్ల నోట తరచూ వినిపించే వాక్యం. తెలుగులో 'ఐదేళ్లుగా తెలుసు' అని ఇప్పటి రూపమే వాడతాం కాబట్టి అలా వచ్చేస్తుంది. ఇంగ్లిష్ ఇక్కడ వెనక్కి చూస్తుంది: 'ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ ఫైవ్ ఇయర్స్'. అదే ఐదేళ్లూ కలిసి పనిచేస్తూ ఉంటే అది పని, స్థితి కాదు. కాబట్టి 'వియ్ హావ్ బీన్ వర్కింగ్ టుగెదర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అనొచ్చు, 'ఇంగ్'తో సహా.