వెన్ను నీటి రిపోర్టు: మూడు అంకెలు చెప్పే సంగతి

మెదడునూ వెన్నుపామునూ చుట్టుకుని తేటనీరులాంటి ద్రవం ఒకటి ఉంటుంది. డాక్టర్లు దాన్ని సీఎస్‌ఎఫ్ అంటారు. పెద్దవాళ్లలో ఇది ఎప్పుడు చూసినా 150 మి.లీ. దాకా ఉంటుంది. రోజుకు దాదాపు 500 మి.లీ. కొత్తగా ఊరుతూ, పాతది రక్తంలో కలిసిపోతూ ఉంటుంది. అందుకే పరీక్ష కోసం తీసే పది మి.లీ. నీరు గంటలోపే తిరిగి ఊరుతుంది. సూది గుచ్చేది నడుము కింది భాగంలో, పూసల సందున. పెద్దవాళ్లలో వెన్నుపాము అంతకు పైనే ముగిసిపోతుంది కాబట్టి, ఈ సూదితో కాళ్లు పడిపోతాయన్న భయం చాలామందిలో ఉన్నా దానికి ఆధారం లేదు. పరీక్ష తర్వాత కొందరికి తలనొప్పి వస్తుంది, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మెదడులో ఒత్తిడి పెరిగిన లక్షణాలు కనిపిస్తే మాత్రం ముందు స్కాన్ తీస్తారు.

ఆరోగ్యంగా ఉన్న మనిషి వెన్ను నీటిలో తెల్లకణాలు దాదాపు ఉండవు. ఘనపు మిల్లీమీటరుకు ఐదు దాటకూడదు. ప్రొటీన్ డెసిలీటరుకు 15 నుంచి 45 మి.గ్రా. మధ్య ఉంటుంది. గ్లూకోజ్ రక్తంలో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులు ఉంటుంది. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకితే, అంటే మెనింజైటిస్ వస్తే, ఈ మూడూ మారతాయి. పోరాడటానికి తెల్లకణాలు వచ్చి చేరతాయి. రక్తనాళాల గోడలు వదులై ప్రొటీన్ లోపలికి కారుతుంది. గ్లూకోజ్ లోపలికి రావడం తగ్గుతుంది, వచ్చింది కూడా త్వరగా ఖర్చయిపోతుంది.

ఎంత మారాయన్న దాన్ని బట్టి రోగం రకం తెలుస్తుంది. మామూలు బ్యాక్టీరియా అయితే నీరు మబ్బుగా మారుతుంది. తెల్లకణాలు తరచూ వెయ్యి దాటతాయి, వాటిలో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్. ప్రొటీన్ బాగా పెరుగుతుంది, గ్లూకోజ్ బాగా పడిపోతుంది. ఇది గంటల్లో ప్రాణం తీయగల జబ్బు. పరీక్ష ఆలస్యమయ్యేలా ఉంటే డాక్టర్లు రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. వైరస్ అయితే నీరు తేటగానే ఉంటుంది. కణాలు పదుల్లోనో కొన్ని వందల్లోనో ఉంటాయి, ఎక్కువగా లింఫోసైట్లు. ప్రొటీన్ కొంచెమే పెరుగుతుంది, గ్లూకోజ్ సాధారణంగా తగ్గదు.

అసలు చిక్కు టీబీ మెనింజైటిస్‌తోనే. నీరు తేటగా ఉండటం, కణాలు వందల్లో ఉండి లింఫోసైట్లే ఎక్కువ కావడం వైరస్‌ను తలపిస్తాయి. తేడా పట్టిచ్చేవి ప్రొటీన్, గ్లూకోజ్. ప్రొటీన్ వంద దాటుతుంది, గ్లూకోజ్ తగ్గుతుంది.

ఉదాహరణకు, షుగర్ ఉన్న 45 ఏళ్ల మనిషికి మూడు వారాలుగా జ్వరం, తలనొప్పి ఉన్నాయనుకుందాం. రెండు రోజులుగా మాట తడబడుతోంది. రిపోర్టులో కణాలు 180, అందులో 80 శాతం లింఫోసైట్లు, ప్రొటీన్ 160, గ్లూకోజ్ 62. పక్కన అచ్చువేసిన సాధారణ పరిధి 45 నుంచి 80. దాన్ని మాత్రమే చూస్తే గ్లూకోజ్ బాగానే ఉందని, వైరస్ అని అనిపిస్తుంది. కానీ అదే సమయంలో తీసిన రక్తంలో షుగర్ 240 ఉంది. ఆ లెక్కన వెన్ను నీటిలో 160 దాకా ఉండాలి. ఉన్నది నాలుగో వంతే, అంటే బాగా తగ్గినట్టే. ప్రొటీన్ ఎక్కువగా ఉండటం, జబ్బు మూడు వారాలుగా సాగడం కూడా టీబీ వైపే చూపిస్తాయి. క్రిప్టోకోకస్ అనే ఫంగస్ కూడా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి, దానికి యాంటిజెన్ పరీక్ష, రోగికి హెచ్ఐవీ పరీక్ష చేయిస్తారు.

టీబీని నిర్ధారించడానికి సీబీనాట్ చేస్తారు. అందులో పాజిటివ్ వస్తే టీబీ ఉన్నట్టే. నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేదని చెప్పలేం, ఎందుకంటే వెన్ను నీటిలో ఆ క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. కల్చర్ ఫలితానికి వారాలు పడుతుంది. అన్నాళ్లు ఆగితే మెదడు దెబ్బతింటుంది కాబట్టి, అనుమానం బలంగా ఉంటే మందులు వెంటనే మొదలుపెడతారు.

ఈ అంకెలూ ఒక్కోసారి దారి తప్పిస్తాయి. టీబీలోనూ వైరస్‌లోనూ మొదటి రోజుల్లో న్యూట్రోఫిల్సే ఎక్కువగా ఉండవచ్చు. సూది చిన్న రక్తనాళానికి తగిలితే రక్తం కలిసి తెల్లకణాల లెక్క, ప్రొటీన్ పెరుగుతాయి. నీటిని ల్యాబ్‌కు చేర్చడం ఆలస్యమైతే కణాలు చితికిపోయి లెక్క తగ్గుతుంది. అంతకుముందే యాంటీబయాటిక్ వాడి ఉంటే కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు, కణాల తీరూ మారవచ్చు. అందువల్ల వెన్ను నీరు తీసే ముందు రోగి అప్పటిదాకా ఏ మాత్రలు, ఏ ఇంజెక్షన్లు తీసుకున్నాడో ఇంటివాళ్లు డాక్టరుకు దాచకుండా చెప్పాలి. మందుల చీటీ లేకపోతే ఖాళీ అట్ట అయినా చూపించాలి.